ముఖం మారింది, చెంబు మారలేదు: మన ఫోటోగ్రాఫర్ల సంఘాలకు, డిజైనర్లకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల ఫోటో, వీడియోగ్రాఫర్ల సంఘాల పెద్దలకు, ఆల్బమ్ డిజైనింగ్ చేసే మిత్రులకు, ఫ్లెక్స్ ప్రింటింగ్ యజమానులకు నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో ఇరవై రెండేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. ఒక ఇత్తడి చెంబు గురించి మీకు చెప్పాలి.

ఆ చెంబు మా అమ్మమ్మది. మూతి కింద ఎడమ వైపున బొటనవేలంత సొట్ట ఉంది. రెండేళ్ల కిందట కృష్ణాష్టమికి ముందు ఒక తండ్రి రెండున్నరేళ్ల కొడుకును తీసుకొచ్చి చిన్నికృష్ణుడి వేషంలో ఫోటోలు తీయమన్నాడు. వెన్నకుండగా ఆ చెంబునే పెట్టాను. పిల్లవాడు చేయి లోపలికి పెట్టి తీస్తే వెన్న మోచేతి దాకా జారింది. అక్కడ ఒక చుక్క పడబోయి ఆగిన క్షణంలో క్లిక్ చేశాను. లైటు ఎడమ పక్క నుంచి వస్తోంది. ముక్కు నీడ కుడి చెంప మీద పడింది. ఎడమ కాలి గజ్జెలో ఒక మువ్వ ఊడిపోయి ఉంది, నేను దాన్ని సరిచేయలేదు. ఇరవై రెండేళ్లలో నాకు బాగా నచ్చిన పది ఫోటోలలో అది ఒకటి.

ఈ ఏడాది ఒకామె తన పాపకు ఫోటో తీయించాలని వచ్చి ఫోనులో నమూనా చూపించింది. "మా ఆడపడుచు కొడుకుది ఇలా తీశారండీ, ఇలాగే కావాలి" అంది. చూస్తే అదే చెంబు, అదే సొట్ట, మోచేతి దగ్గర అదే చుక్క, మువ్వ లేని అదే గజ్జె. ముఖం మాత్రం వేరే పిల్లవాడిది. పక్క ఊళ్లో ఒక స్టూడియోలో చేయించారట. వెళ్లి చూస్తే గోడ మీద అదే ఒంటికి నలుగురు పిల్లల ముఖాలతో నాలుగు ఫ్రేములు వేలాడుతున్నాయి. ఆ స్టూడియో పేరు ఇక్కడ రాయను. ఆ యజమాని చెడ్డవాడు కాడు. "నెట్‌లో దొరికిందండీ, ముఖం మార్చేశాం కదా, ఇక అది మీ ఫోటో ఎలా అవుతుంది?" అని నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎందుకంటే మనలో నూటికి తొంభై మంది మనసులో ఉన్నదీ అదే. ఒకప్పుడు నా మనసులోనూ ఉంది. కొన్నేళ్ల కిందట బజారులో పెన్‌డ్రైవ్‌లో అమ్మే, ఫోటోషాప్‌లో తెరిచి ముఖం మార్చుకునే పీఎస్‌డీ ఫైళ్లు నేనూ కొన్నాను. అందులో ఉన్న పిల్లల ఒళ్లు ఎవరివో, ఎవరు తీశారో ఏనాడూ ఆలోచించలేదు. కాబట్టి ఇది మడి కట్టుకుని రాస్తున్న ఉత్తరం కాదు.

ముఖం మార్చే పనిలో రెండు ఫోటోలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లు వాటిని సోర్స్, టార్గెట్ అంటాయి. సోర్స్ అంటే ముఖం ఇచ్చేది. టార్గెట్ అంటే ఆ ముఖాన్ని తీసుకునేది, అడుగున ఉండేది. నేను వీటిని ముఖం ఫోటో, అడుగు ఫోటో అంటాను. మనం కస్టమర్‌ను ముఖం ఫోటో గురించి అడుగుతాం, "క్లియర్‌గా ఉన్నది పంపండి" అంటాం. అడుగు ఫోటో ఎవరిదని ఎవరమూ అడగం. చట్టం దృష్టిలో పెద్ద చిక్కు ఉన్నది మాత్రం అక్కడే.

పని ఎలా జరుగుతుందో చూస్తే కారణం తెలుస్తుంది. ఇప్పుడు చాలామంది వాడే యాప్‌ల వెనుక `inswapper_128.onnx` అనే ఏఐ మోడల్ గానీ అలాంటిదే మరొకటి గానీ ఉంటుంది. అది ముఖం ఫోటోను తీసుకుని, ఆ ముఖం ఎవరిదో గుర్తుపట్టడానికి పనికొచ్చే 512 సంఖ్యల వరుసగా మారుస్తుంది. ముఖం ఫోటోలోని వెలుగు, నీడ, నేపథ్యం, నవ్వు అన్నీ అక్కడే ఆగిపోతాయి. తరువాత అడుగు ఫోటోలోని ముఖం ఎటు తిరిగి ఉంది, నోరు ఎంత తెరుచుకుంది, వెలుగు ఎటు నుంచి పడింది అన్నవి తీసుకుని, ఆ 512 సంఖ్యల మనిషిలా కనిపించేలా కొత్త ముఖాన్ని గీస్తుంది. దాన్ని కనుబొమల నుంచి గడ్డం దాకా అతికిస్తుంది. మిగిలినదంతా, అంటే జుట్టు, చెవులు, చేతులు, పట్టుపంచె, చెంబు, సొట్ట, అడుగు ఫోటో నుంచి ఉన్నది ఉన్నట్టుగా వచ్చేస్తుంది.

అంటే యాప్‌తో మార్చినప్పుడు ముఖం ఫోటో తీసినవాడి పనితనం బయటికి వచ్చే బొమ్మలో దాదాపు మిగలదు. ఆ ముఖం ఉన్న మనిషి హక్కు మాత్రం అలాగే ఉంటుంది, అది వేరే విషయం. అడుగు ఫోటో తీసినవాడి పనితనం ఇంచుమించు మొత్తం మిగులుతుంది. అదే ఫోటోషాప్‌లో లాసో పట్టి ముఖాన్ని కోసి అతికించే పాత పద్ధతిలో ముఖం ఫోటోలోని చుక్క చుక్కా కొత్త బొమ్మలోకి వస్తుంది. అప్పుడు రెండు ఫోటోలు తీసినవాళ్లకూ అడిగే హక్కు ఉంటుంది. ఈ తేడాను మన డిజైనర్లు ముందుగా మనసులో పెట్టుకోవాలి.

ఇక్కడే ఇంకో మాట. ఆ మోడల్‌ను తయారుచేసినవాళ్లు దాన్ని వ్యాపారానికి కాకుండా పరిశోధనకు మాత్రమే అని షరతు పెట్టి ఇచ్చారు. ఉచితంగా దొరికింది కదా అని దానితో ఫ్రేమ్‌కు ఇంత అని అమ్ముకుంటే, ఫోటో సంగతి అటుంచి మోడల్ లైసెన్సునే దాటినట్టు.

ఇక చట్టం. మన 1957 కాపీరైట్ చట్టంలో ఫోటో కళాకృతి కిందికి వస్తుంది. అందులో కళ ఉందా లేదా అన్నది చూడనవసరం లేదని కూడా చట్టంలోనే ఉంది. 14వ సెక్షన్ ప్రకారం ఆ ఫోటోను మళ్లీ తయారుచేసే హక్కు, కంప్యూటర్‌లో దాచుకునే హక్కు, ప్రజలకు చూపించే హక్కు, దాని నుంచి మరో రూపం చేసే హక్కు యజమానివి. మరో రూపం అంటే ఏమిటో చెప్పే నిర్వచనంలో "కృతిని మార్చి లేదా తిరిగి అమర్చి వాడుకోవడం" కూడా ఉంది. ముఖం మార్చడం ఇందులోకి రాదని వాదించడం కష్టం.

మన మధ్య ఒక నమ్మకం తిరుగుతోంది: ఇరవై శాతం మారిస్తే కొత్త ఫోటో అయిపోతుందని. కొందరు ముప్పై శాతం అంటారు. చట్టంలో ఎక్కడా శాతాలు లేవు. 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన కొలమానం చాలా సాదాగా ఉంటుంది: రెండూ చూసిన మామూలు మనిషికి రెండోది మొదటిదానికి నకలే అని స్పష్టంగా అనిపిస్తుందా? నా చెంబు ఫోటోను గోడ మీది నాలుగు ఫ్రేముల పక్కన పెట్టి మా వీధి చివరి టీ కొట్టు అతనికి చూపించాను. "తలకాయలు మార్చారు కదండీ" అన్నాడు. ఏ లాయరూ అంతకన్నా చక్కగా చెప్పలేడు.

ఇంతవరకు నేనే గెలిచాననుకుంటూ, కోపంతో ఊగిపోతూ లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఫోటో చూడలేదు, చట్టం పుస్తకం తీయలేదు. "బిల్లు చూపించండి" అన్నారు. చూపించాను. "బేబీ షూట్, 3500, అడ్వాన్సు 1000" అని ఉంది. వెనక్కి తిప్పి చూశారు. వెనుక ఏమీ లేదు. "ఇంకేదైనా ఒప్పందం రాసుకున్నారా?" లేదన్నాను. "అయితే ఈ ఫోటో కాపీరైటు మీది కాదు. ఆ పిల్లవాడి తండ్రిది" అన్నారు.

మిత్రులారా, ఈ ఒక్క విషయం కోసమైనా ఉత్తరాన్ని చివరిదాకా చదవండి. ఫోటో తీసినవాడే దాని కర్త అని చట్టం అంటుంది. కర్తే మొదటి యజమాని అని 17వ సెక్షన్ కూడా మొదలుపెడుతుంది. కానీ వెంటనే మినహాయింపు పెడుతుంది: ఎవరైనా డబ్బిచ్చి, తాము కోరి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ తీయించుకున్నవారే మొదటి యజమాని. పెళ్లిళ్లు, బారసాలలు, బేబీ షూట్లు, పాస్‌పోర్టు ఫోటోలు, అంటే మన స్టూడియో జీవితంలో ముప్పాతిక వంతు ఈ మినహాయింపులోకే వస్తుంది. మన గోడల మీద వేలాడే ఫోటోలలో చాలావాటికి మనం కర్తలమే, యజమానులం కాదు.

దీని నుంచి మనకు నచ్చని సంగతి ఇంకొకటి పుడుతుంది. కస్టమర్ పిల్లవాడి ఫోటోలో ముఖం తీసేసి, పీఎస్‌డీగా మార్చి వేరే స్టూడియోలకు అమ్మే ఫోటోగ్రాఫర్లు మనలో ఉన్నారు. "నేను తీసిందే కదా" అంటారు. ఒప్పందం లేకపోతే వాళ్లు అమ్ముతున్నది తమ ఆస్తి కాదు, కస్టమర్ ఆస్తి. ఆ పెన్‌డ్రైవ్ కొన్నవాడికి ఫైలు చేతికొస్తుంది, హక్కు రాదు. అమ్మినవాడికే లేని హక్కు కొన్నవాడికి ఎక్కడి నుంచి వస్తుంది?

మనం సొంత ఖర్చుతో, స్టూడియో నమూనాల కోసం డబ్బు తీసుకోకుండా తీసిన ఫోటో అయితే కథ వేరు. అక్కడ తీయించుకున్న కస్టమర్ లేడు, కాపీరైటు మనదే. స్టూడియోలో జీతానికి పనిచేసే కుర్రవాడు డ్యూటీలో తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు యజమాని హక్కు స్టూడియోకి వెళ్తుంది.

మరి కర్తగా నాకు ఏమీ మిగల్లేదా అని లాయరును అడిగాను. 57వ సెక్షన్ చూపించారు. కాపీరైటు ఎవరి చేతికి వెళ్లినా కర్తకు రెండు హక్కులు మిగులుతాయి. ఇది నేను చేసిన పని అని చెప్పుకునే హక్కు ఒకటి. తన గౌరవానికి, పేరుకు భంగం కలిగేలా ఆ పనిని చెడగొడితే అడ్డుకుని నష్టపరిహారం అడిగే హక్కు రెండోది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో చేసిన పెద్ద కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం పీకి గోదాములో పడేస్తే ఆయన ఈ సెక్షన్ మీదే పోరాడారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పంలో మిగిలిన భాగాలను ఆయనకు తిరిగివ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. శిల్పానికి డబ్బిచ్చి పెట్టించుకున్నది ప్రభుత్వమే అయినా కర్త హక్కు చచ్చిపోలేదు.

నా సంగతిలో రెండో హక్కు అంత సులువు కాదని కూడా లాయరే చెప్పారు. "వాళ్ల ఫ్రేముల మీద మీ పేరు లేదు. చూసినవాళ్లు అది మీ పని అనుకోరు. మరి మీ పేరు ఎలా చెడింది?" అని అడిగారు. మూలన నా స్టూడియో పేరు అలాగే ఉంచి, మెడ నల్లగా, ముఖం తెల్లగా ఉన్న ఆ బొమ్మను అమ్మి ఉంటే అప్పుడు గట్టి కేసు. ఆ పేరును కావాలని చెరిపేస్తే అది మరో చిక్కు. ఫోటో మీద ఉండే కర్త పేరు, యజమాని పేరు చట్టం చెప్పే హక్కుల సమాచారం కిందికి వస్తాయి. అనుమతి లేకుండా, తెలిసి తెలిసి దాన్ని తొలగిస్తే 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. వాటర్‌మార్క్ తుడిచే యాప్‌లను వీడియోలలో నేర్పేవాళ్లు ఈ సెక్షన్‌ను మాత్రం నేర్పరు.

చివరికి పిల్లవాడి తండ్రికి ఫోన్ చేశాను. సిగ్గుగానే అనిపించింది. ఆయన కాపీరైటు గురించి ఒక్క మాట అడగలేదు. "మా వాడి ఒంటిని వాళ్ల షాపులో పెట్టుకున్నారా అండీ?" అని అడిగారు. అంతే. నేను రెండు వారాలుగా వెలుగు, నీడ, హక్కు అని కొట్టుకుంటుంటే ఆయనకు తన కొడుకు చేతులు, కాళ్లు కనిపించాయి. ఆ ఇంట్లోవాళ్లు ఆ గజ్జెను చూస్తే చాలు, ముఖం లేకపోయినా గుర్తుపడతారు.

తరువాత చేసినవి వరుసగా చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి. మొదట నా దగ్గరున్న రా ఫైలును తీసి వేరే డ్రైవ్‌లో భద్రం చేశాను. తీసిన తేదీ, కెమెరా వివరాలు అందులో ఉంటాయి, ముఖం మార్చినవాడి దగ్గర అది ఉండదు. తరువాత ఆ ఫ్రేములను ఫోటోలు తీశాను, ఫోనులో తిరుగుతున్న బొమ్మను సేవ్ చేశాను. కంప్యూటర్‌లో రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి, పైదాన్ని సగం పారదర్శకం చేశాను. చెంబు, చేతులు, పట్టుపంచె మడతలు గీత తప్పకుండా కలిశాయి, ముఖం దగ్గర మాత్రం రెండు జతల కళ్లు కనిపించాయి. దీనికన్నా మంచి సాక్ష్యం ఉండదు.

అసలు ఫోటో చేతిలో లేనప్పుడు కూడా మార్చిన ముఖాన్ని పట్టుకోవచ్చు. ఆ మోడల్ గీసే ముఖం 128 పిక్సెళ్ల వెడల్పే. 12x18 ప్రింటులో ముఖం 900 పిక్సెళ్లు ఉంటే దాన్ని ఏడు రెట్లు సాగదీసినట్టు. అందుకే పంచె జరీలో దారం దారం కనిపిస్తుంటే ముఖం మాత్రం పొగమంచులో ఉన్నట్టుంటుంది. అది దాచడానికి పదును పెంచే మరో టూల్ వాడితే చర్మం మైనపు బొమ్మలా నున్నగా అవుతుంది. చేత్తో అతికించినవాటిలో అయితే వెలుగు దొరికిపోతుంది. ఆ నాలుగు ఫ్రేములలో ఒకదానిలో చేతి నీడ కుడికి, ముక్కు నీడ ఎడమకి పడ్డాయి. కృష్ణుడికి రెండు సూర్యులు.

ఆ తరువాత తండ్రి పేరుతోనే నోటీసు వెళ్లింది, ఎందుకంటే యజమాని ఆయనే. స్టూడియో అతను మర్నాడే ఫ్రేములు దించాడు, ఫైలు తీసేశానని రాసిచ్చాడు. నెట్‌లో ఉన్నదాని కోసం ఆ సైటుకు ఫిర్యాదు పంపాం. మన చట్టం 52వ సెక్షన్, 2013 కాపీరైట్ నిబంధనలలోని 75వ నిబంధన కలిపి చూస్తే, యజమాని రాతపూర్వకంగా వివరాలన్నీ ఇస్తే సైటు 36 గంటల్లో ఆ బొమ్మను అందకుండా చేయాలి. కానీ అది 21 రోజుల ఏర్పాటు. ఆలోగా కోర్టు ఉత్తర్వు తేకపోతే సైటు మళ్లీ పెట్టవచ్చు. చాలామంది ఇది తెలియక "తీసేశారు కదా" అని నిశ్చింతగా ఉండి, నెల తరువాత మళ్లీ చూసి గుండెలు బాదుకుంటారు.

మేము కోర్టుకు వెళ్లలేదు. ఆ తండ్రీ నేనూ కూర్చుని ఒక కాగితం రాసుకున్నాం. ఆయన కాపీరైటును నాకు రాసిచ్చారు. ఆ ఫోటోను ఆయన అనుమతి లేకుండా ఎక్కడా ప్రదర్శించనని నేను రాసిచ్చాను. ఇలాంటి కాగితంలో ఏ ఫోటో, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం అన్నవి రాయాలి, ఇచ్చేవారు సంతకం చేయాలి. ఎన్నేళ్లో రాయకపోతే 19వ సెక్షన్ దాన్ని ఐదేళ్లే అనుకుంటుంది. ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది.

మీలో కొందరు ఈపాటికి విసుక్కుంటూ ఉంటారు: "అయితే చనిపోయిన నాన్నగారిని పెళ్లి ఫోటోలో కలపడం కూడా మానేయాలా?" అక్కర్లేదు. మన చేతికి వచ్చే పనుల్లో నాకు ఎంతో ఇష్టమైనది అదే. పెళ్లి ఫోటో డబ్బిచ్చి తీయించుకున్నది ఆ కుటుంబం. ఎప్పుడో స్టూడియోకి వెళ్లి తండ్రి తీయించుకున్న ఫోటో కూడా ఆ కుటుంబానిదే. 17వ సెక్షన్ మన మెడకు చుట్టుకునే తాడు అనుకున్నాను గానీ, ఇక్కడ అదే మనకు అండ. అడుగు ఫోటో, ముఖం ఫోటో రెండూ కస్టమర్‌వే అయినప్పుడు, వాళ్లే వచ్చి అడిగినప్పుడు, పెళ్లి తీసిన స్టూడియో వేరే ఒప్పందం రాయించుకోలేదని తెలుసుకుని నిశ్చింతగా చేయండి. ఎవరైనా ఇంట్లో కూర్చుని తన సరదా కోసం, తన కోసమే మార్చుకుంటే చట్టం సొంత వాడకానికి చోటిచ్చింది. అది గోడ ఎక్కి, రేటు కట్టుకున్నాక సొంత వాడకం కాదు.

ఫ్లెక్సుల మిత్రులకు కూడా ఒక మాట. పుట్టినరోజు ఫ్లెక్సులో హీరో ఒంటికి మన నాయకుడి తల పెట్టడం మనకు పండగ. ఆ అడుగు ఫోటో సినిమా స్టిల్. డబ్బిచ్చి తీయించిన నిర్మాతదే సాధారణంగా దాని కాపీరైటు. హీరోకు తన రూపం మీద వేరే హక్కు ఉంది, నాగార్జున 2025లో ఢిల్లీ హైకోర్టు నుంచి అలాంటి రక్షణే తెచ్చుకున్నారు. అంటే ఒక్క ఫ్లెక్సుకు ఇద్దరు అడగవచ్చు. ఇంతవరకు ఎవరూ అడగలేదంటే ఆ హక్కు లేదని కాదు, అడిగే తీరిక లేదని.

2023 నవంబరులో రష్మిక మందన్న ముఖంతో వచ్చిన లిఫ్టు వీడియో మీ అందరికీ గుర్తుంటుంది. దేశమంతా ఆ ముఖం గురించి మాట్లాడింది, అది న్యాయమే. ఆ వీడియోలో అడుగున ఉన్నది బ్రిటన్‌లో ఉండే భారత సంతతి యువతి తన ఖాతాలో పెట్టుకున్న వీడియో. ఆమె నడక, ఆమె ఒళ్లు, ఆమె వీడియో. అడుగున ఉన్నవాళ్లు ఎప్పుడూ ఇలాగే కనిపించకుండా పోతారు. నా ఇత్తడి చెంబులా.

"మేం మార్చింది కళ, కొత్త పని" అనేవాళ్ల కోసం అమెరికాలో తేలిన ఒక తగువు చెబుతాను. అక్కడి తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ వాదన ఒకటే. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ను ఫోటో తీసింది. 1984లో ఒక పత్రిక, చిత్రకారుడు ఆండీ వార్హాల్ బొమ్మకు ఆధారంగా ఒక్కసారి వాడుకోవడానికి ఆమెకు 400 డాలర్లు ఇచ్చింది. వార్హాల్ ఒక్కటి కాదు, పదహారు బొమ్మలు చేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయాక వాటిలో మరొకదానిని ముఖచిత్రంగా వేసి వార్హాల్ సంస్థకు 10,000 డాలర్లు చెల్లించారు. ఆమెకు ఒక్క సెంటు రాలేదు, పేరు కూడా వేయలేదు. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా ఆమె పక్షాన తీర్పు చెప్పింది. పత్రికలో ప్రిన్స్ బొమ్మగా వేసుకోవడం అనే అదే అవసరానికి రెండూ వాడినప్పుడు, రంగులు మార్చామన్నంత మాత్రాన సరిపోదన్నది దాని సారం. వార్హాల్ అంతటివాడికే కుదరనిది, మూడు సెకన్ల యాప్‌తో మనకు కుదురుతుందా?

సంఘాల పెద్దలను నేను అడిగేవి రెండే. ఒకటి, మన ఫోటో ఎగ్జిబిషన్లలో ఎవరు తీశారో చెప్పలేని పీఎస్‌డీ కట్టలు అమ్మే స్టాళ్లకు చోటివ్వకండి. ప్రతి ఫైలుకు తీసినవారి పేరు, యజమాని అనుమతి, పిల్లల ఫోటో అయితే తల్లిదండ్రుల సంతకం ఉన్న కాగితం చూపించమనండి. చూపించగలిగినవాళ్లు ఉంటారు, వాళ్ల దగ్గరే కొందాం, రేటు ఎక్కువైనా సరే. ఉచితంగా దొరికే ఫోటోలు వాడేవాళ్లు లైసెన్సు చదవండి. క్రియేటివ్ కామన్స్‌లో `ND` అని ఉంటే మార్చినదాన్ని పంచకూడదని, `NC` అని ఉంటే వ్యాపారానికి వాడకూడదని అర్థం. ఆ రెండూ లేకపోయినా ఫోటోలో ఉన్న మనిషి అనుమతిని ఆ లైసెన్సు ఇవ్వదు.

రెండు, సంఘం తరఫున బిల్లు పుస్తకాలు అచ్చు వేయించేటప్పుడు వెనుక ఈ నాలుగు వాక్యాలు వేయించండి. నేను ఇప్పుడు వాడుతున్నవి ఇవే, మా లాయరు చూసి సరిచేసినవి:

"ఈ షూట్‌లో తీసిన ఫోటోల కాపీరైటు ఫోటోగ్రాఫర్‌దే. కస్టమర్ తమ కుటుంబ అవసరాలకు ఎన్ని ప్రింట్లయినా వేయించుకోవచ్చు, బంధుమిత్రులతో పంచుకోవచ్చు. కస్టమర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటోగ్రాఫర్ ఈ ఫోటోలను ప్రదర్శించరాదు, ఎవరికీ అమ్మరాదు. ఈ ఫోటోలలో ముఖాలను గానీ శరీరాలను గానీ మార్చి వేరేవారి కోసం వాడాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలి."

సంతకం అడ్వాన్సు ఇచ్చేటప్పుడే, కెమెరా బయటికి తీయకముందే తీసుకోవాలి. ఫోటో తీశాక యజమాని కస్టమర్ అయిపోతాడు, అప్పుడు ఆయన విడిగా రాసివ్వాల్సి ఉంటుంది. కొందరు కస్టమర్లు మొదటి వాక్యం దగ్గర ఆగి "మా ఫోటోలు మీవి ఎలా అవుతాయి?" అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒప్పుకోకపోతే ఆ వాక్యం కొట్టేసి మిగిలినవి ఉంచుతున్నాను. ఇంతవరకు నాలుగో వాక్యం కొట్టేయమన్న తల్లి గానీ తండ్రి గానీ ఒక్కరూ లేరు.

ఈ బిల్లు నమూనా, ఆ తండ్రి అనుమతితో ఒకదాని మీద ఒకటి వేసిన ప్రింటు పట్టుకుని జిల్లా సంఘం వచ్చే సమావేశానికి వస్తాను. చెంబు కూడా తెస్తాను. సొట్ట మూతి కింద ఎడమ వైపున ఉంటుంది.

ఇట్లు,
రాజమహేంద్రవరం నుంచి ఒక స్టూడియో ఫోటోగ్రాఫర్